సెకండియర్ అబ్బాయికి ఫోన్‌లో బీజీఎంఐ ఆట: పూర్తిగా తీసేయాలా, లిమిట్ పెట్టాలా?

కృష్ణలంక అమ్మ
మా వాడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, డే స్కాలర్. జనవరిలో జేఈఈ మెయిన్, తర్వాత ఇంటర్ పరీక్షలు, ఆపైన ఈఏపీసెట్. సాయంత్రం ఏడింటికి ఇంటికొచ్చి అన్నం తిని "గంట ఆడతా" అంటాడు, రెండు గంటలవుతుంది. ఫోన్‌లో గంట లాక్ పెడితే, లాక్ పడిన ప్రతిసారీ ఇంట్లో గొడవే. పూర్తిగా తీసేయాలా, ఇంకేదైనా దారి ఉందా?

ఓరుగల్లు శ్రీను
తీసేయండి మేడమ్. పరీక్షలన్నీ అయ్యాక మళ్లీ ఆడుకుంటాడు, ఆట ఎక్కడికీ పోదు. మా అన్న కొడుక్కి కూడా ముందు గంట, తర్వాత అరగంట అని లిమిట్లు పెట్టి చూశాం. ఏదీ నిలవలేదు.

తెనాలి కుర్రాడు
ఆంటీ, లాక్‌తో గొడవ ఎందుకవుతుందో చెప్తాను, నేనూ ఆడతాను. ఎరాంగెల్ మ్యాప్‌లో చివరిదాకా నిలబడితే ఒక మ్యాచ్‌కి దాదాపు అరగంట పడుతుంది. గంటలో ఒక మ్యాచ్ పూర్తిగా అయ్యి, లాబీలో కాసేపు ఆగి, రెండోది నడుస్తుండగా లాక్ పడుతుంది. స్క్వాడ్‌లో నలుగురుంటే ఒకడు మాయమవుతాడు. ర్యాంకు పాయింట్లు పోతాయి, ముగ్గురు స్నేహితుల చేత తిట్లు పడతాయి. గంట అనే కొలత ఈ ఆటకి సరిపోదు. మ్యాచ్‌లు లెక్కపెట్టండి.

ఓరుగల్లు శ్రీను
అరగంట ఎక్కడిది తమ్ముడూ? మా అన్న కొడుకు మ్యాచ్ పది నిమిషాల్లో అయిపోయేది. నా కళ్లతో చూశాను.

తెనాలి కుర్రాడు
దిగిన వెంటనే చచ్చిపోతే అయిపోతుంది అన్నా. అప్పుడు ఇంకోటి మొదలుపెడతాడు. అందుకే మొదట్లో చచ్చిపోయినా అదీ ఒక మ్యాచ్ కిందే లెక్క అని ముందే అనుకోవాలి.

ఓరుగల్లు శ్రీను
అంటే పది నిమిషాలదీ ఒకటే, అరగంటదీ ఒకటే. అప్పుడు పిల్లాడు గడ్డిలో దాక్కుని మ్యాచ్‌ను సాగదీస్తాడు. ఇదేం లెక్క?

బోనకల్ లెక్కల మాస్టారు
శ్రీను గారు అడిగినదాంట్లో న్యాయముంది. ఒక్క మ్యాచ్‌ల లెక్కే పెడితే ఆ చిక్కు వస్తుంది. దాంతోపాటు ఇంకో గీత ఉండాలి: ఆఖరి మ్యాచ్ ఎన్నింటిలోపు మొదలుపెట్టాలి అనేది. ఆపే టైము మీద గొడవలవుతాయి గానీ మొదలుపెట్టే టైము మీద పెద్దగా కావు. అప్పటికింకా వాడి చేతిలో ఏమీ పోలేదు కాబట్టి.

మీ అబ్బాయి విషయమే తీసుకుందాం. ఏడింటికి వచ్చి, తిని, ఏడుముప్పావుకి మొదటి మ్యాచ్. రెండే మ్యాచ్‌లు, 8:20 దాటాక కొత్తది మొదలుపెట్టకూడదు. ఎంత సాగదీసినా తొమ్మిదిలోపు అయిపోతుంది. నడుస్తున్న మ్యాచ్‌ను మీరు మధ్యలో ఆపొద్దు. తొమ్మిదింటికి ఫోన్ హాల్లోకి వచ్చేస్తుంది. కూర్చున్న వెంటనే కొత్త చాప్టర్ తీయొద్దని చెప్పండి, తల ఇంకా ఆటలోనే ఉంటుంది. ముందు పది, పదిహేను నిమిషాలు చేతికి అలవాటైన లెక్కలు చేయించండి, నిశ్చిత సమాకలనుల్లాంటివి. తర్వాత పదిన్నరదాకా అసలు పని. చదువయ్యాక ఆట పెడితే "ఇంకొక్కటి" అనేది నిద్రలోంచి పోతుంది. మెయిన్ ఉదయం షిఫ్టు పడితే తొమ్మిదింటికే పరీక్ష మొదలు.

డల్లాస్ రవి
మా పిల్లలకి కన్సోల్ వీకెండ్‌లోనే. హాల్లో పెద్ద టీవీకి పెట్టాం, ఏ సమస్యా లేదు. మీరూ అలా చేయొచ్చుగా?

కృష్ణలంక అమ్మ
మాకు కన్సోల్ లేదండీ. ఆడేది ఫోన్‌లోనే, పాఠాల వీడియోలూ అందులోనే.

మధురవాడ శిరీష
ఆ ఆటలోనే 18 ఏళ్లలోపు వాళ్లకి రోజుకి 3 గంటల హద్దు ఉందంటారు కదా, 2023లో మళ్లీ వచ్చినప్పుడు పెట్టారు. సరే, సెకండియర్ వాడికి అదీ ఎక్కువే. నేనైతే ఆశ చూపిస్తాను. మాక్ టెస్టులో పది మార్కులు పెరిగితే ఒక మ్యాచ్ ఎక్స్‌ట్రా. మా అమ్మాయికి డాన్స్ క్లాసు అలాగే ఇప్పించాను.

బోనకల్ లెక్కల మాస్టారు
ఆశ చూపించండి, మార్కులకి మాత్రం వద్దు. ఒక ఆదివారం పేపర్ తేలిగ్గా వస్తుంది, ఇంకో ఆదివారం ఫిజిక్స్ చంపేస్తుంది. బాగా చదివిన వారం బహుమతి పోయి, చదవని వారం వస్తే వాడికి ఆ ఏర్పాటు మీదే నమ్మకం పోతుంది. వాడి చేతిలో ఉన్న పనికి ఇవ్వండి.

మెయిన్‌లో 75 ప్రశ్నలు. మాక్ అయ్యాక తప్పు చేసినవీ వదిలేసినవీ ఒక్కొక్కటీ నోట్‌బుక్‌లో మళ్లీ చేయాలి. పక్కన కారణం రాయాలి: రాలేదా, లెక్కలో జారిందా, టైము చాల్లేదా. ఉదాహరణకి 14 తప్పులు, 20 వదిలేసినవి అనుకోండి. ఆ 34 పూర్తయితే ఆదివారం సాయంత్రం ఒక మ్యాచ్ ఎక్కువ. మార్కులు 90 వచ్చినా 150 వచ్చినా అదే. కారణం రాయకుండా కీ చూసి జవాబు ఎక్కిస్తే మీకు తెలిసిపోతుంది. ఏదో ఒకటి తీసి "ఇక్కడ ఎందుకు జారావు?" అని అడగండి, చాలు. ఇంకొకటి, పరీక్షలయ్యేదాకా రాయల్ పాస్ కొనివ్వకండి. డబ్బు పెట్టాం కాబట్టి మిషన్లు పూర్తి చేయాలని రోజూ లాగుతుంది.

ఓరుగల్లు శ్రీను
చదువుకున్నందుకు లంచం ఇవ్వాలా మాస్టారూ? మా నాన్న బట్టల షాపులో పన్నెండు గంటలు నిలబడి మమ్మల్ని చదివించాడు. మేం ఆయన్ను ఏమడిగాం?

తెనాలి కుర్రాడు
మీ నాన్నగారి కష్టానికీ దీనికీ సంబంధం లేదన్నా. మా నాన్న పరీక్షలకి వారం ముందు ఫోన్ గోడకేసి కొట్టారు. ఆ వారమంతా పుస్తకం ముందు కూర్చున్నాను, ఒక్క ముక్క ఎక్కలేదు. కోపంతోనే పరీక్ష రాశాను. మీలాంటి వాళ్ల సలహాలు వినే మా నాన్న అలా చేశారు.

ఓరుగల్లు శ్రీను
నీకు పిల్లలు లేరు, నీకేం తెలుసు? ఫోన్ పగలగొట్టమని నేనన్నానా?

నల్గొండ పాఠకుడు
ఆవిడ అడిగింది ఒకటి, మీరిద్దరూ కొట్టుకునేది ఒకటి.

ఓరుగల్లు శ్రీను
సరే, సూటిగా చెప్తాను. ఎరాంగెల్ అరగంటా పది నిమిషాలా అనేది కాదు నా బాధ. మా అన్న కొడుకు అన్నిటికీ "సరే బాబాయ్" అన్నాడు. టైంటేబుల్ వాడే రాసి గోడకి అంటించాడు. రాత్రి అందరం పడుకున్నాక దుప్పటి కింద ఆడాడు, రెండు నెలలు. మాకు తెలిసేసరికి మొదటి మెయిన్ అయిపోయింది. మీ ఏర్పాట్లన్నీ పిల్లాడు నిజం చెప్తాడన్న నమ్మకం మీద నిలబడ్డాయి. చెప్పకపోతే ఏం చేస్తారు? దానికి జవాబు చెప్పండి.

బోనకల్ లెక్కల మాస్టారు
ఇది మొదటే అడగాల్సిన ప్రశ్న. నా దగ్గర సగమే జవాబుంది. రాత్రి ఫోన్ పెద్దవాళ్ల గదిలో చార్జింగ్‌లో ఉండాలి, అందులో బేరం లేదు. మిగతావన్నీ వాడు రాసుకోవచ్చు. దాచడం మొదలైతే ముందు తెలిసేది ఉదయమే. కాలేజీ బస్సులో నిద్రపోతాడు, ఆదివారం మాక్‌కి తలనొప్పి అంటాడు, నోట్‌బుక్‌లో కారణాల గడి ఖాళీగా ఉంటుంది. 8:20 గీత రెండు వారాలు వరసగా దాటినా, ఒక్కసారి దాచి ఆడినా, అప్పుడు జనవరిదాకా తీసేయండి. ఆ షరతు వాడితో ముందే అనుకోండి. లిమిట్లకు నిలవని పిల్లలున్నారు, నేను చూశాను.

ఓరుగల్లు శ్రీను
మరి ఎవరు నిలుస్తారో ఎవరు నిలవరో ముందే తెలియదు కదా. తెలిసేసరికి నెల పోతుంది. ఆ నెల ఎవరిస్తారు?

తెనాలి కుర్రాడు
మొదటి రోజే తీసేస్తే, నిలబడగలిగినవాడికి కూడా ఆ అవకాశం పోతుంది అన్నా.

కృష్ణలంక అమ్మ
అందరికీ థాంక్స్. రాత్రి వాడితో కూర్చున్నాం. రెండు మ్యాచ్‌లకీ 8:20కీ వెంటనే ఒప్పుకున్నాడు. లాక్ తీసేస్తామంటే సంతోషించాడు. నోట్‌బుక్‌కి సణిగాడు గానీ సరే అన్నాడు. ఫోన్ మా గదిలో పెట్టడానికి మాత్రం ఒప్పుకోవట్లేదు, ఐదింటికి అలారం కావాలంటున్నాడు.

ఓరుగల్లు శ్రీను
అలారం గడియారం కొనివ్వండి మేడమ్, ఇవాళే.

తెనాలి కుర్రాడు
కొనివ్వండి ఆంటీ, కానీ కారణం అలారం కాకపోవచ్చు. పదిన్నర తర్వాత స్క్వాడ్ వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకుంటారు. ఆ టైములో లేకపోతే మర్నాడు వేరేవాణ్ణి టీమ్‌లోకి తీసుకుంటారని భయం ఉంటుంది. తిట్టకుండా అదొక్కటి అడిగి చూడండి. మిగతా ముగ్గురిలో వాడి సెక్షన్ వాళ్లెవరైనా ఉంటే, 8:20 గీత వాళ్ల ఇళ్లలోనూ పెట్టించగలరేమో కనుక్కోండి.