అప్‌డేట్: కార్-టీ తర్వాత బి కణాలు సున్నా, కారణం తెలిసింది

నా ప్రశ్న: "తమ్ముడికి కార్-టీతో, అంటే వాడి టీ కణాలనే మార్చి ఎక్కించే చికిత్సతో, లుకేమియా తగ్గింది, కానీ రక్తంలో యాంటీబాడీలకు మూలమైన బి కణాలు ఒక్కటీ లేవు. మజ్జ దెబ్బతిన్నదా?"

జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే రక్తంలోని యాంటీబాడీల పరీక్ష చేయించమన్న సలహాయే పనికొచ్చింది. మజ్జ బాగానే ఉంది. విటమిన్ పరీక్షలు అనవసరమని తేలింది.

డాక్టరు వివరణ ఇది: వాడి టీ కణాల్లోకి లెంటివైరస్‌తో ఒక జన్యువును చేర్చారు. దానివల్ల కణం బయట, లుకేమియా కణాల మీది సీడీ19 అనే ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ ముక్క మొలుస్తుంది. పట్టు దొరకగానే లోపలి సీడీ3 జీటా భాగం దాడికి ఆదేశిస్తుంది, 4-1బీబీ భాగం ఆ కణాన్ని ఎక్కువకాలం బతికిస్తుంది. చిక్కేమిటంటే, సీడీ19 ఆరోగ్యకరమైన బి కణాల మీదా ఉంటుంది, అందుకే అవీ చనిపోతాయి. అంటే మేం భయపడిన సున్నా, మందు ఇంకా పనిచేస్తోందనడానికి గుర్తు!

ఐజీజీ అనే యాంటీబాడీ బాగా తగ్గినందున ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తున్నారు. సీడీ19 లేని లుకేమియా కణాలు తప్పించుకోగలవు కాబట్టి మజ్జ పరీక్షలు మాత్రం ఆపడం లేదు.