ఇత్తడి చెంబు రెండర్: ఒకసారికి ఒక్కటే మారుస్తున్నా, లైట్ సైజు దగ్గర ఆగిపోయాను

బ్లెండర్‌లో సైకిల్స్‌తో ఇత్తడి చెంబు రెండర్ చేస్తున్నాను. వెనక గోడ మీద తెల్లటి చుక్కలు పడుతున్నాయి. Denoise ఆపేసి, Seed 0 దగ్గరే ఉంచి, ఒకసారికి ఒక్కటే మారుస్తూ ప్రతి ఫలితం నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను.

శాంపిల్స్ 128 నుంచి 512 చేస్తే మామూలు గరుకుదనం దాదాపు సగమైంది కానీ చుక్కలు పోలేదు. మళ్ళీ 128కి తెచ్చి, Clamping లో Indirect Light 10 నుంచి 3 చేస్తే చుక్కలు చాలావరకు పోయాయి, కాకపోతే చెంబు నుంచి గోడ మీద పడే ఆ బంగారు మెరుపు కూడా వెలిసిపోయింది, నాకు కావాల్సిందే అది! సరే అని దాన్ని 10కి తెచ్చి, చదరపు ఏరియా లైట్ సైజు 0.2 మీటర్ల నుంచి 1 మీటరు చేశాను. చుక్కలు తగ్గాయి, నీడ అంచులు మెత్తబడ్డాయి, కానీ చెంబు మెడ దగ్గర సన్నగా మెరిసే గీత వెడల్పై మసకబారింది.

నా డౌటు ఇక్కడే. పవర్ వాట్లు మార్చలేదు, కానీ అవే వాట్లు 25 రెట్ల వైశాల్యంలో పరుచుకుంటున్నాయి కదా, అంటే లైట్ ఉపరితలం వెలుగు కూడా 25 రెట్లు తగ్గినట్టే. మరి నేను మార్చింది ఒకటా, రెండా? పవర్ 25 రెట్లు పెంచితే గోడంతా తెల్లగా మాడిపోతుంది. మెడ దగ్గరి గీత మసకబారడం సైజు వల్లా, వెలుగు వల్లా అని విడదీసి చూడాలంటే ఏ టెస్ట్ చేయాలి? లైట్ సైజు ఖాయం చేశాక Indirect Light టెస్ట్ మళ్ళీ మొదటి నుంచి చేయాలా, పాత నోట్స్ పనికొస్తాయా? చేసినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.