జారీ చేయదగునా, జారీ చేయనగునా?

కలంపోటు: ఆర్డీవో కార్యాలయపు నోటు ఒకటి జిరాక్సు కాపీలో చదువుతున్నాను. జననాన్ని ఆలస్యంగా నమోదు చేయించుకునే ఫైలు. ఆఖరి పేరా ఇలా ముగుస్తుంది: "కోరిన ఉత్తర్వులు జారీ చేయ_గును. ఉత్తర్వులకై సమర్పించడమైనది." ఖాళీలోని అక్షరం మడతలో పోయింది. "ద" అనుకోవాలా, "న" అనుకోవాలా?

పెన్నేటి గట్టు: "ద"యే. "వినదగు నెవ్వరు చెప్పిన" చాలదా? ఆ పద్యం మొత్తం ఫైలు రాసేవాడికే చెప్పినట్టుంటుంది. అందరూ చెప్పింది విను, వేగపడకు, కల్ల నిజం తేల్చు.

అచ్చుతప్పు: పద్యం సాయానికి రాదండీ. "వినదగు"లో నాలుగూ లఘువులే, "విననగు" అన్నా నాలుగూ లఘువులే. కందానికి రెండూ సరిపోతాయి. తేడా అర్థంలోనే ఉంది. "తగు" అంటే ఉచితం, "అగు" అంటే వీలవుతుంది.

పెన్నేటి గట్టు: ఛందస్సు నిరాకరించనంత మాత్రాన పాఠం మారదు కదా. పైగా రెండో పాదంలో "వివరింపదగున్" అని మళ్లీ వచ్చింది. అక్కడ వివరించడమంటే ఎదుటివాడికి విడమరచి చెప్పడం కాదు, విచారించడం. చాలామంది ఇక్కడే తప్పు చదువుతారు.

గోదారి గాలి: వ్యాకరణం పక్కన పెట్టండి. జనన మరణాల నమోదు చట్టం 13(3)లోనే "తప్పక" అనే ధోరణి ఉంది కాబట్టి నోటులో "జారీ చేయవలెను" అనే ఉండాలి.

పాతదస్త్రం: సగం నిజం. ఆ నిర్బంధం రిజిస్ట్రారుది. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే ఆయన నమోదు చేయకూడదు. ఉత్తర్వు ఇచ్చేవారు మాత్రం జననం నిజమో కాదో సరిచూశాకే ఇవ్వాలి. ఆ సరిచూసిన సంగతి నోటులో కనబడాలి. "వలెను" అని రాస్తే గుమాస్తా అధికారికి ఆజ్ఞ వేసినట్టవుతుంది.

మల్లెతీగ: మా అమ్మాయి సర్టిఫికెట్లో ఇంటిపేరు తప్పు పడింది. దానికీ ఇదే ఉత్తర్వు కావాలా?

పాతదస్త్రం: అక్కర్లేదమ్మా. అది 15వ సెక్షన్, దిద్దుబాటు. రిజిస్ట్రారు దగ్గరికే వెళ్లండి. ఇక్కడి గొడవ అసలు నమోదే కాని జననం గురించి.

కలంపోటు గారూ, పై పేరాల్లో ఏముందో చెబితే అక్షరం దొరకవచ్చు.

కలంపోటు: బిడ్డ 14-08-2009న పుట్టినట్టు అర్జీ. బడి రికార్డులో 01-06-2009. నమోదు కాలేదని పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన పత్రం, తహసీల్దారు విచారణ నివేదిక ఉన్నాయి. తల్లి పురిటికి పుట్టింటికి వెళ్లింది. ఆ ఊరు వేరే డివిజన్.

పాతదస్త్రం: అయితే అసలు చిక్కు అక్షరంలో లేదు. జననం జరిగిన చోటు మీద అధికారం ఉన్నవారే ఉత్తర్వు ఇవ్వాలి. కుటుంబం ఇక్కడ కాపురం ఉండటం సరిపోదు. పంచాయతీ పత్రం కూడా పుట్టిన ఊరిదే కావాలి. ఇక్కడి ఊరి కార్యదర్శి "మా రిజిస్టర్లో లేదు" అంటే ఏమీ రుజువు కాదు, అక్కడ ఇదివరకే నమోదై ఉండవచ్చు. అదే జరిగితే ఒకే బిడ్డకు రెండు నమోదులవుతాయి.

తేదీల తేడా ఇంకొకటి. దాన్ని నోటు దాచకూడదు. "అర్జీలో ఇలా, కరెంటు ఫైలు ఫలానా పేజీలోని బడి పత్రంలో ఇలా, తహసీల్దారు నివేదిక దీనిపై ఏమీ చెప్పలేదు" అని మూడు వాక్యాలు రాయాలి. కరెంటు ఫైలంటే అర్జీలు, జతపత్రాలు ఉండే భాగం. పేజీ నంబరు వేయకుండా "విచారణలో నిజమని తెలిసింది" అని రాసిన నోటు తిరిగి కిందికి వస్తుంది. ఎవరు ఎవరిని విచారించారో అందులో ఉండదు మరి.

ప్రతిపాదన ఇలా ఉండాలి: "జననస్థలం ఈ డివిజన్ పరిధిలో లేనందున, అర్జీని జతపత్రాలతో సంబంధిత డివిజన్‌కు పంపి, అర్జీదారుకు తెలియజేయదగును. ముసాయిదా ఆమోదానికి జతపరచడమైనది."

అచ్చుతప్పు: అంటే ఈ ఫైలులో తగినా అవదు! రుజువులన్నీ సరిగ్గా ఉంటే ఉత్తర్వు తగును. పరిధి లేదు కనుక కానేరదు. నోటు రాసినాయన "నగును" అని రాసి ఉంటే సాధ్యమని చెప్పినట్టే, అది తప్పు. "దగును" అంటే యోగ్యమని మాత్రమే.

పాతదస్త్రం: ఔచిత్యం తేల్చాల్సింది కూడా అక్కడి మేజిస్ట్రేటేనండీ. ఇక్కడ రెండూ రాయకూడదు.

పెన్నేటి గట్టు: నా మాట "ద"యే. "చేయన్"లోని ద్రుతం మీద తకారం దకారమైంది, ఇప్పటి నోట్లలో "నగును" ఎవరు రాస్తారు?

గోదారి గాలి: ఈ-ఆఫీసులో రాసి ఉంటే మడత బాధ లేకపోను. పంపాక గ్రీన్ నోట్‌లో అక్షరం కూడా మారదు.

పాతదస్త్రం: అందుకే ఇంకా దిద్దుకోగల చిత్తుగా, అంటే ఎల్లో నోట్‌గా ఉండగానే చదువుకోవాలి. తప్పు అక్షరం కూడా అలాగే నిలిచిపోతుంది.

కలంపోటు: అసలు ఫైలులోని కాగితం చూసి వస్తాను. ఆ మడత పక్కన మార్జిన్లో ఎర్రసిరాతో ఏదో గుర్తు కూడా ఉంది, "పరిధి?" అన్నట్టుగా.