కొత్త పొడుల కంపెనీ: డిస్ట్రిబ్యూటర్‌కి మొదటి పరిచయంలోనే రేటు చెప్పాలా? శాంపిల్ ఉచితంగా ఇవ్వాలా?

తెనాలి పొడులు:
మేము తెనాలి దగ్గర చిన్న యూనిట్ పెట్టాం. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం, ఇడ్లీ కారం, అవిసె గింజల పొడి చేస్తున్నాం. అన్నీ 200 గ్రాముల ప్యాక్‌లే. ఎఫ్ఎస్ఎస్ఏఐ, జీఎస్టీ ఉన్నాయి. ఖమ్మం, వరంగల్, రాజమండ్రి డిస్ట్రిబ్యూటర్ల నంబర్లు సంపాదించి వాట్సాప్‌లో ఇలా పంపాం: "ఇంటి రుచి, నాణ్యమైన పొడులు. ఆకర్షణీయమైన మార్జిన్. ఏజెన్సీల కోసం సంప్రదించండి." చూసి ఊరుకుంటున్నారు, జవాబు లేదు. మా వారేమో మొదటే రేట్లు చెప్పొద్దంటారు. చెప్పకపోతే ఎవరు పట్టించుకుంటారని నా మాట. శాంపిల్స్ ఉచితంగా పంపాలా, డబ్బు తీసుకోవాలా అన్నదీ తేలడం లేదు.

ఖమ్మం ఏజెన్సీ:
అమ్మా, రేటు చెప్పాల్సిందే. మాకు ఇలాంటి మెసేజ్‌లు చాలా వస్తాయి. "ఆకర్షణీయమైన మార్జిన్" అని ఉంటే పక్కన పెట్టేస్తాను, ఎందుకంటే ఆ మాట అందరూ రాస్తారు. నాకు కావలసింది ఎంత మిగులుతుంది, ఎంత పోతుంది అనే లెక్క.

మీ ప్యాక్ ఎంఆర్‌పీ 105 అనుకుందాం. అందులో 5 శాతం జీఎస్టీ తీసేస్తే 100. షాపువాడికి 20 శాతం కావాలి, కాబట్టి నేను అతనికి 80కి ఇవ్వాలి. నేను అమ్మే 80 మీద నాకు 10 శాతం అంటే 8 రూపాయలు. మీరు నాకు 72కి ఇవ్వాలి, పన్ను అదనం. ఇక్కడే చాలామంది గొడవ పడతారు. మీరు 10 శాతం అని మాత్రమే రాస్తే, నేను 72 అనుకుంటాను, మీరేమో నేను కొనే ధర మీద 10 శాతం కలిపితే 80 రావాలని లెక్కేసి 72 రూపాయల 73 పైసలు అనుకుంటారు. ప్యాక్‌కి 73 పైసలే కదా అనిపిస్తుంది, మొదటి బిల్లు రాగానే అదే నమ్మకం చెడగొడుతుంది. అందుకే శాతాలు వద్దు, రూపాయల్లో రాయండి. ఆ 72 మీ యూనిట్ గేటు దగ్గరి ధరా, నా గోడౌన్‌కి చేరిన ధరా అన్నది కూడా రాయండి.

రేటు కంటే ముందు నేను చూసేది గడువు దాటిన సరుకు సంగతి. పెట్టెకి 40 ప్యాక్‌లు, 10 పెట్టెలు తీసుకున్నానంటే 400 ప్యాక్‌లు. సరుకు 28,800, పన్నుతో 30,240. మొత్తం అమ్ముడైతే నాకు వచ్చేది 3,200. అందులోంచే సేల్స్‌మన్ జీతం, ఆటో ఖర్చు. ఇప్పుడు 20 ప్యాక్‌లు షాపుల్లో అమ్ముడు కాక తిరిగొచ్చాయనుకోండి, 1,440 పోయినట్టే. అంటే నా లాభంలో దాదాపు సగం. పేరు తెలియని బ్రాండ్‌లో 400కి 20 తిరిగి రావడం పెద్ద విషయమేమీ కాదు. ఆ భారం ఎవరిదో చెప్పని మెసేజ్‌కి నేను జవాబు ఎందుకివ్వాలి?

హైదరాబాద్ ప్యాకింగ్ యూనిట్:
అన్నా, మీరు చెప్పింది ఏజెన్సీ వైపు నుంచి సరే. తయారు చేసేవాళ్ల వైపు నుంచి చూస్తే రేటు రాయడం పొరపాటు. ఒకసారి పీడీఎఫ్ పంపితే సాయంత్రానికి ఊళ్లో నలుగురి ఫోన్లలో ఉంటుంది. పోటీ బ్రాండ్ సేల్స్‌మన్ అదే చూపించి రూపాయి తగ్గించి అమ్ముతాడు. రవాణా ఖర్చు కూడా ఊరికో రకం. ఖమ్మానికి 72 గిట్టుబాటవుతుంది, ఆదిలాబాద్‌కి అవదు. మొదట మాట కలపాలి, మనిషి వెళ్లి కూర్చోవాలి, తర్వాతే రేటు. శాంపిల్ మాత్రం ఉచితంగా ఇవ్వండక్కా. ఉచితంగా ఇచ్చేదానికి పన్ను లేదు కాబట్టి జీఎస్టీ టెన్షన్ కూడా ఉండదు.

విజయవాడ అకౌంట్స్:
ఆ చివరి మాట సగమే నిజం. ఉచిత శాంపిల్ మీద అమ్మకపు పన్ను కట్టక్కర్లేదు, అంతవరకు సరే. కానీ ఆ శాంపిల్‌కి వాడిన ప్యాకింగ్ పౌచ్, ముడిసరుకు మీద మీరు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి కట్టాలి. నెలకి పెద్ద మొత్తం కాకపోవచ్చు. అయినా ఎన్ని ప్యాక్‌లు, ఎవరికి, ఏ తేదీన పంపారో రిజిస్టర్ రాసుకోకపోతే ఆడిట్‌లో ఇబ్బంది. 10 కొంటే 1 అదనం అనే స్కీమ్ దీని కిందికి రాదు. 2019 మార్చి జీఎస్టీ సర్క్యులర్‌లో ఇలాంటి స్కీమ్‌ని ఉచిత సరుకుగా కాకుండా, మొత్తం సరుకుని కలిపి ఒకే ధరకి అమ్మినట్టుగా చూడమని ఉంది. అక్కడ క్రెడిట్ పోదు.

కరీంనగర్ కొత్త ఏజెన్సీ:
మేడమ్, కరీంనగర్ జిల్లా మొత్తానికి మేము తీసుకుంటాం. డిపాజిట్ ఎంత కట్టాలి? ఇప్పుడే వేసేస్తాను.

ఖమ్మం ఏజెన్సీ:
బ్రదర్, ఆగండి. ఇక్కడ ఏజెన్సీలు ఇవ్వడం లేదు, పరిచయం ఎలా రాయాలో మాట్లాడుతున్నాం. సరుకు చూడకుండా, బిల్లు చూడకుండా ఎవరికీ డిపాజిట్ వేయకండి. డిస్ట్రిబ్యూటర్‌షిప్ పేరుతో డిపాజిట్ వేయించుకుని మాయమయ్యేవాళ్లు ఉన్నారు. తెనాలి మేడమ్‌కి కూడా అందుకే చెబుతున్నా, మొదటి మెసేజ్‌లో డిపాజిట్ అన్న మాటే రాకూడదు. వచ్చిందంటే అనుభవం ఉన్నవాడు మీ నంబర్ బ్లాక్ చేస్తాడు.

రేటు లీక్ అవుతుందన్న మాటకి జవాబు. షాపుకి ఎంతకి ఇస్తున్నారో బజారులో దాగదు. ఏ కిరాణా షాపతను అయినా బిల్లు చూపిస్తాడు. దాచగలిగేది స్కీమ్‌లు, ఒక్కొక్కరికి ఇచ్చే ప్రత్యేక ధరలు. అవి దాచుకోండి. ఊరికో రవాణా ఖర్చు అన్నది మాత్రం నిజం. అందుకే అందరికీ ఒకే పట్టిక కాకుండా ఊరి పేరు పెట్టి రాయాలి. నేనైతే ఇలాంటిదానికి జవాబిస్తాను:

"నమస్కారం. తెనాలిలో కందిపొడి, కరివేపాకు పొడి, ఇడ్లీ కారం తయారు చేస్తున్నాం. 200 గ్రాములు, ఎంఆర్‌పీ 105. షాపుకి 80, మీకు 72, పన్ను అదనం. 72 మీ ఖమ్మం గోడౌన్‌కి చేరిన ధర. గడువు 6 నెలలు. మీ దగ్గరికి వచ్చేటప్పటికి కనీసం 5 నెలలు మిగిలి ఉంటుంది. గడువు దాటినవి, సీల్ ఊడినవి మొదటి 6 నెలలు మేమే వెనక్కి తీసుకుని క్రెడిట్ నోట్ ఇస్తాం. మొదటి ఆర్డర్ 10 పెట్టెలు చాలు. ఖమ్మం టౌన్ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. మూడు రకాల శాంపిల్ ఉచితంగా పంపుతాం, ఏ అడ్రస్‌కి పంపమంటారు?"

అయిదు రకాల్లోంచి మూడే రాశాను, గమనించారా? అవిసె పొడి తొందరగా నూనె వాసన పడుతుంది. కొత్త బ్రాండ్ తొలి పెట్టెలో అదొక్కటి పాడైతే మిగతా నాలుగింటికీ చెడ్డ పేరు. నల్లకారం తర్వాతైనా కలపొచ్చు.

నల్గొండ కిరాణా:
నేను డిస్ట్రిబ్యూటర్‌ని కాదు, షాపు వాణ్ణి. మా బాధ కూడా వినండి. ఒక కొత్త పొడుల కంపెనీ మనిషి వచ్చి రెండు డజన్లు పెట్టి వెళ్లాడు. శాంపిల్ రుచి బాగుంది, అందుకే తీసుకున్నా. వేసవిలో ప్యాక్ లోపలి వైపు నూనె మరక కనిపించింది, విప్పితే కందిపొడిలో పురుగు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇప్పుడు కొత్త పేరు ఏదొచ్చినా అమ్ముడయ్యాకే డబ్బు అంటున్నా. శాంపిల్ తాజాగా ఉంటే ఏం లాభం? నాకు కావలసింది మూడో నెలలో ఎలా ఉంటుందన్నది.

ఖమ్మం ఏజెన్సీ:
ఈ మాట చాలా ముఖ్యం. శాంపిల్‌ని నేను రుచి కోసం తెప్పించను. మీరు జిప్ కవర్లో పోసి పంపితే నాకు పనికిరాదు. అమ్మే ప్యాక్‌లోనే, బ్యాచ్ నంబర్, తేదీలతో రావాలి. పైన "నమూనా, అమ్మకానికి కాదు" అని స్టిక్కర్ వేయండి. ఒక్కో రకం రెండు ప్యాక్‌లు పంపండి. ఒకటి విప్పుతాను, రెండోది గోడౌన్ రేకుల కింద నెల రోజులు ఉంచుతాను. సీల్ దగ్గర గాలి పోతోందా, పొడి గడ్డ కడుతోందా, నూనె బయటికి వస్తోందా అన్నది అప్పుడు తెలుస్తుంది. మీరే ముందు ఇది చేసి, మూడు నెలల నాటి ప్యాక్ ఒకటి తాజాదానితో కలిపి పంపితే, నా వరకు నమ్మకం సగం అక్కడే కుదురుతుంది.

హైదరాబాద్ ప్యాకింగ్ యూనిట్:
మూడు నెలల ప్యాక్ ఆలోచన బాగుందన్నా, మేమూ చేస్తాం. కానీ ఉచితం దగ్గర నేనే మాట మార్చుకోవాల్సి వస్తోంది. రెండేసి ప్యాక్‌లు, మూడు రకాలు, కొరియర్‌తో కలిపి ఒక్కో పార్సిల్ ఖర్చు తక్కువేం కాదు. అడిగిన ప్రతివాడికీ పంపితే శాంపిల్స్ ఇంట్లో వంటకే పోతాయి. కొరియర్ ఖర్చు వాళ్లనే పెట్టుకోమంటే నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లే మిగులుతారు.

ఖమ్మం ఏజెన్సీ:
పేరున్న కంపెనీ అడిగితే కడతాను. ముక్కూ మొహం తెలియని కంపెనీ అడిగితే కట్టను. దానికి బదులు షాపు జీఎస్టీ నంబర్, గోడౌన్ అడ్రస్, ఇప్పుడు పంచుతున్న కంపెనీల పేర్లు అడగండి. నిజంగా ఏజెన్సీ నడిపేవాడు నిమిషంలో ఇస్తాడు. ఇవ్వనివాళ్లకి పంపకండి.

తెనాలి పొడులు:
అందరికీ చాలా థాంక్స్. మా వారికి లెక్క చూపించాను. 72 దగ్గర ఒప్పుకున్నారు, గడువు సరుకు వెనక్కి తీసుకోవడం దగ్గర ఇంకా ఆలోచిస్తున్నారు. ఖమ్మం అన్నగారూ, ఒక్క సందేహం. 10కి 1 స్కీమ్ కూడా మొదటి మెసేజ్‌లోనే పెడితే ఎలా ఉంటుంది?

ఖమ్మం ఏజెన్సీ:
పెట్టకండి. 72 చొప్పున పది ప్యాక్‌ల డబ్బుకి పదకొండు ఇస్తే మీకు ప్యాక్‌కి వచ్చేది 65 రూపాయల 45 పైసలు. దాంట్లోంచే ఖమ్మం దాకా రవాణా, తిరిగొచ్చే సరుకు భరించాలి. ముడిసరుకు, ప్యాకింగ్, కూలీ అన్నీ పోను అక్కడ ఏమైనా మిగులుతుందేమో చూసుకోండి. మొదటే ఇస్తే దాన్ని షాపువాడు స్కీమ్‌గా చూడడు, అదే రేటు అనుకుంటాడు. ఆపిన నెల ఆర్డర్ ఆగిపోతుంది.

హైదరాబాద్ ప్యాకింగ్ యూనిట్:
ఇక్కడ నేను ఒప్పుకోనన్నా. స్కీమ్ లేని కొత్త ప్యాక్‌ని మీ సేల్స్‌మన్ బ్యాగులోంచి బయటికే తీయడు. పేరున్న బ్రాండ్ ఆర్డర్ రాసుకుని పక్క షాపుకి వెళ్లిపోతాడు. మొదటి రెండు నెలలకి అని తేదీ వేసి ఇస్తే తప్పేంటి?

నల్గొండ కిరాణా:
తేదీ వేసిన స్కీమ్‌లు నేను చూశాను. తేదీ అయిపోయాక కూడా అదే ఇమ్మని మేమే పట్టుబడతాం. అది మాత్రం నిజం.