బహుమతి పోటీకి నిజంగా కొనేవాళ్లే రావాలంటే ఎలా పెట్టాలి?

తెనాలి_గానుగ:
తెనాలిలో మాకు కట్టె గానుగ ఉంది. వేరుశెనగ నూనె, నువ్వుల నూనె ఆడించి గుంటూరు, విజయవాడలలో ఇళ్లకు చేరవేస్తాము. దసరాకు ఇన్‌స్టాగ్రామ్‌లో పోటీ పెట్టి, మా పేజీని ఫాలో అయి ముగ్గురు స్నేహితులను ట్యాగ్ చేసినవారిలో ఒకరికి 5,000 రూపాయల మిక్సీ ఇద్దామని మా తమ్ముడు అంటున్నాడు. ఫాలోవర్లు పెరుగుతారు, సరే, కానీ వాళ్లలో నూనె కొనేవారు ఎందరుంటారు?

బొటిక్_కూకట్‌పల్లి:
మేము ఒకసారి వెండి నాణెం, మరొకసారి రెండు జాకెట్ల కుట్టుకూలి బహుమతిగా పెట్టాము. నాణెం కోసం ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారు, ఫలితం ప్రకటించాక వెళ్లిపోయారు. రెండోసారి వచ్చినవారు తక్కువే అయినా, కుట్టించుకునే చీర చేతిలో ఉన్నవారే ఎక్కువగా వచ్చారు. బహుమతి తగలనివారిలో కొందరు కొలతలిచ్చి కుట్టించుకున్నారు కూడా.

బిందెలవ్యాపారి:
ఇంత ఆలోచన అవసరం లేదండి. పాల్గొనడానికి పది రూపాయలు రుసుము పెట్టండి. ఊరికే వచ్చేవాళ్లు ఆ పది రూపాయల దగ్గరే ఆగిపోతారు.

మార్కెటింగ్_మాస్టారు:
బిందెలవ్యాపారి గారు చెప్పినదానిలో సగం సరైనదే: పాల్గొనడానికి కొంచెం శ్రమ పడవలసి వస్తే ఆసక్తి లేనివారు తప్పుకుంటారు. అయితే డబ్బు తీసుకొని చీటీ తీస్తే అది లాటరీ కిందికి వస్తుంది, రెండు తెలుగు రాష్ట్రాలలోనూ లాటరీలు నిషిద్ధం. కాబట్టి రుసుముకు బదులు సమాచారం అడగండి. ఇంట్లో ఎంతమంది, ఇప్పుడు ఏ నూనె వాడుతున్నారు, నెలకు ఎన్ని లీటర్లు, ఏ పిన్‌కోడ్ అనే నాలుగు ప్రశ్నలకు వాట్సాప్‌లో జవాబు పంపమనండి; ఇకపై సందేశాలు పంపవచ్చునా అని కూడా అక్కడే అడగండి. మీరు చేరవేయలేని పిన్‌కోడ్‌ల వారికి అర్హత లేదని పోస్టు మొదటి వాక్యంలోనే రాయండి.

మిక్సీ అందరికీ కావాలి, చిక్కంతా అక్కడే ఉంది. దాని బదులు ముగ్గురికి మూడు నెలలపాటు నెలకు రెండేసి లీటర్ల వేరుశెనగ నూనె ఇవ్వండి. మొత్తం 18 లీటర్లు; తయారీ ఖర్చు లీటరుకు 260 అనుకుంటే 4,680 రూపాయలు, అంటే మిక్సీ ధర కన్నా తక్కువే. గానుగ నూనెకు మామూలు నూనె కన్నా ఎక్కువ ధర పెట్టే ఉద్దేశం లేనివారికి ఈ బహుమతి మీద పెద్దగా ఆశ ఉండదు.

మీకు పనికివచ్చేది గెలిచిన ముగ్గురికన్నా గెలవనివారి జాబితా. ఫలితం ప్రకటించిన రోజే వాళ్లకు మొదటి లీటరు మీద 60 రూపాయల తగ్గింపు ఇచ్చి, గడువు పది రోజులు పెట్టండి. ముప్పైమంది దాన్ని వాడుకుంటే మరో 1,800 ఖర్చు, మొత్తం 6,480 అవుతుంది. వాళ్లలో పన్నెండుమంది నెలకు రెండేసి లీటర్లు కొంటూ ఉండి, లీటరుకు 90 మిగిలితే నెలకు 2,160 వస్తుంది, మూడు నెలలలో ఖర్చు తీరుతుంది. ఈ అంకెల స్థానంలో మీ అంకెలు వేసుకోండి. పోటీ ఫలించిందో లేదో ఫాలోవర్ల సంఖ్య చెప్పదు. తగ్గింపు లేకుండా రెండోసారి ఎందరు కొన్నారన్నదే చూడాలి.

డాలస్_పచ్చళ్లు:
గెలిచినవారిని ఎంచడానికి ఏ యాప్ మంచిదని అడుగుతున్నారనుకుంటాను. మేము పేర్లకు వరుస సంఖ్యలు వేసి, లైవ్‌లో అందరి ముందు చీటీ తీశాము, ఎవరికీ అనుమానం రాలేదు.

మార్కెటింగ్_మాస్టారు:
ప్రశ్న అది కాకపోయినా, ఎంపిక బహిరంగంగా జరగడం మంచిదే. ట్యాగ్‌ల విషయం ఒకటి చెప్పాలి. ఇదే పోటీని ఫేస్‌బుక్‌లో కూడా పెడితే, స్నేహితులను ట్యాగ్ చేస్తేనో, సొంత టైమ్‌లైన్‌లో పంచుకుంటేనో అర్హత అనే షరతును అక్కడి నియమాలు ఒప్పుకోవు. అది పక్కన పెట్టినా, అలా ట్యాగ్ అయ్యేవారిలో పోటీలనే వెతుక్కుని తిరిగే ఖాతాలు చాలా ఉంటాయి. ప్రొఫైల్ తెరిచి చూస్తే సొంత ఫోటో ఒక్కటీ కనిపించదు, వరుసగా పోటీల పోస్టులే ఉంటాయి.

బొటిక్_కూకట్‌పల్లి:
మాకు ఎదురైన ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. మన సరుకునే బహుమతిగా పెడితే, ఆ వారం కొనవలసినవారు ఫలితం వచ్చేదాకా ఆగుతారు. అందుకే పోటీని నాలుగైదు రోజులలో ముగించాలి. ఆలోపు కొన్నవారే గెలిస్తే వాళ్లు చెల్లించిన డబ్బు తిరిగి ఇస్తామని ముందే చెప్పాలి.

తెనాలి_గానుగ:
మాస్టారూ, మిక్సీ ఆలోచన మానుకుంటున్నాము. ఒక సందేహం మాత్రం మిగిలింది. అమ్మకాలు పెంచడానికి పెట్టే అదృష్ట పోటీలను 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతులలో చేర్చిందని మా ఆడిటరు అన్నారు. అలాంటప్పుడు చీటీ బదులు, నాలుగు ప్రశ్నలకు జవాబిచ్చిన ప్రతి ఇంటికీ 200 మిల్లీలీటర్ల సీసా ఇస్తే మేలా?

మార్కెటింగ్_మాస్టారు:
ఆడిటరు గారు చెప్పింది నిజమే, ఆ మాట చట్టంలో ఉంది. చీటీయే తీయాలనుకుంటే ముందు న్యాయవాదిని అడగండి. సీసాలు ఇస్తే ఆ చిక్కు ఉండదు, నూనె కూడా నేరుగా వంటింట్లోకి చేరుతుంది. అయితే ఎంతమంది వస్తే అంత ఖర్చు కాబట్టి, మొదటి 150 ఇళ్లకే అని హద్దు పెట్టవలసి ఉంటుంది. ఈ రెండు పద్ధతులలో గుంటూరులో ఒకటి, విజయవాడలో మరొకటి పెట్టి పోల్చి చూడవచ్చు.

బిందెలవ్యాపారి:
రుసుము మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ సీసా ఊరికే ఇవ్వకుండా, గానుగ దగ్గరికి వచ్చి తీసుకోమనండి.

తెనాలి_గానుగ:
విజయవాడవాళ్లు అంత చిన్న సీసా కోసం తెనాలి దాకా వస్తారంటారా?