గ్రూప్ హెల్త్ రెన్యూవల్‌లో 50 శాతం పెంపు: క్లెయిమ్ రేషియో చూపించి తగ్గించవచ్చా?

కూకట్‌పల్లి_హెచ్ఆర్: మాది 180 మంది ఉద్యోగుల కంపెనీ, తల్లిదండ్రులకూ కవర్ ఉంది. జీఎస్టీ కాకుండా పోయినేడు ప్రీమియం 32 లక్షలు, ఇప్పుడు 48 అడుగుతున్నారు. క్లెయిములు చూసే టీపీఏ తొమ్మిది నెలలకు ఇచ్చిన రిపోర్టులో చెల్లించిన క్లెయిములు 20.4 లక్షలు, పెండింగ్ 6.6 లక్షలు. మొత్తం 27. రిన్యూవల్‌కి ఇంకా 55 రోజులుంది. ఏమని రాయాలి?

బెజవాడ_రాజు: 27ని 32తో భాగిస్తే 84 శాతమే కదండీ. వాళ్లకు లాభమే. ఆ ఒక్క ముక్క రాసి పడేయండి.

పాత_బ్రోకర్: రాజుగారూ, ఆ ముక్క రాస్తే మొదటి జవాబులోనే దొరికిపోతారు. క్లెయిములు తొమ్మిది నెలలవి, మీరు భాగించింది పన్నెండు నెలల ప్రీమియంతో. తొమ్మిది నెలలకు వాళ్లు సంపాదించిన ప్రీమియం 24 లక్షలే. 27ని 24తో భాగిస్తే 112 శాతం దాటుతుంది. వాళ్ల 48 కూడా అక్కడి నుంచే వచ్చినట్టుంది: 27ని ఏడాదికి లెక్కగడితే 36, ఖర్చులూ కమీషనూ పోను ప్రీమియంలో 75 శాతమే క్లెయిములకు మిగలాలనుకుంటే 36ని 0.75తో భాగించాలి. సరిగ్గా 48.

కాబట్టి భాగహారంతో పోట్లాడొద్దు, పైనున్న 27తో పోట్లాడండి. అందులోనూ ఆ 6.6 పెండింగ్‌తో. సారాంశం పేజీ పక్కన పెట్టి, ప్రతి క్లెయిమూ ఒక వరుసగా ఉండే ఎక్సెల్ అడగండి. బ్రోకర్లు దాన్ని డంప్ అంటారు.

కూకట్‌పల్లి_హెచ్ఆర్: డంప్ వచ్చింది. ఏం వెతకాలి?

పాత_బ్రోకర్: పెండింగ్ వరుసల్ని అడ్మిషన్ తేదీ ప్రకారం పేర్చండి. పాతవి పైకొస్తాయి. క్యాష్‌లెస్‌కి ముందస్తు అనుమతి తీసుకుని, తీరా ఆసుపత్రిలో చేరనివాళ్ల మొత్తాలు అలాగే ఉండిపోతాయి. అనుమతి 90 వేలకు ఇచ్చి తుది బిల్లు 55 వేలే అయినా, ఫైలు మూసేదాకా 90 వేలే కనిపిస్తుంది. ఇంకోటి, ఒకే మనిషి, ఒకే అడ్మిషన్, ఒకసారి క్యాష్‌లెస్‌గా, ఒకసారి రీయింబర్స్‌మెంట్‌గా రెండుసార్లు పడుతుంది. కానీ ఇక్కడ జాగ్రత్త: డిశ్చార్జ్ తర్వాతి మందుల బిల్లు కూడా అదే అడ్మిషన్ తేదీతో విడిగా వస్తుంది. అది నిజమైన క్లెయిమే. దాన్నీ డూప్లికేట్ అంటే మీ మిగతా అభ్యంతరాల్నీ నమ్మరు.

కూకట్‌పల్లి_హెచ్ఆర్: చేరనివాళ్లవి 1.4 లక్షలు, తుది బిల్లుకు మించినవి 1.6 లక్షలు తేలాయి. మొత్తం 3 లక్షలు.

పాత_బ్రోకర్: అంటే 27 కాస్తా 24 అయింది, రేషియో 100 శాతం. ఏడాదికి 32, అదే 0.75తో భాగిస్తే 42.7 లక్షలు. పోయినేటి ధరకే ఇమ్మని అడగడానికి మీ లెక్కే ఒప్పుకోదు. ఇంకా తమ దాకా రాని క్లెయిములకు కొంత కలుపుతామంటారు, అదీ న్యాయమే. ఎంత కలిపారో రాతలో చెప్పమనండి.

సీనియర్_శాస్త్రి: బీమా నియంత్రణ సంస్థ ఐఆర్డీఏఐ ప్రీమియం 10 శాతానికి మించి పెంచకూడదని 2025 జనవరిలో చెప్పిందిగా! నా పాలసీకి అదే చూపించాను. పైగా జీఎస్టీ కూడా తీసేశారు.

లెక్కల_లక్ష్మి: శాస్త్రిగారూ, ఆ 10 శాతం మాట సీనియర్ సిటిజన్ల వ్యక్తిగత పాలసీలకు. అక్కడా అంతకు మించాలంటే ముందు ఐఆర్డీఏఐని సంప్రదించాలన్నారంతే. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ పోయిందీ వ్యక్తిగత పాలసీలకే, గ్రూప్‌కి 18 శాతం అలాగే ఉంది. అందుకే కోట్‌లన్నీ జీఎస్టీ లేకుండా పోల్చండి.

కూకట్‌పల్లి_హెచ్ఆర్: బయట రెండు కోట్‌లు వచ్చాయి: 41, 38. 38ది చూపిస్తే దిగొస్తారా?

లెక్కల_లక్ష్మి: ఆ 38లో తల్లిదండ్రుల బిల్లుల్లో ఉద్యోగే భరించాల్సిన కో-పే ఎంత, రూం అద్దె పరిమితి ఎంత?

కూకట్‌పల్లి_హెచ్ఆర్: 20 శాతం కో-పే, రూం అద్దె బీమా మొత్తంలో 1 శాతం. మాకిప్పుడు రెండూ లేవు.

లెక్కల_లక్ష్మి: అయితే అది వేరే సరుకు. 3 లక్షల కవర్‌లో 1 శాతమంటే రోజుకు 3 వేలు. 6 వేల గది తీసుకుంటే గది తేడాతో ఆగదు, డాక్టరు ఫీజు లాంటివీ ఆ నిష్పత్తిలోనే కోస్తారు. మీ 41 కూడా ఇదే డంప్, ఇవే షరతులు, ఇదే సభ్యుల జాబితా చూసి ఇచ్చారేమో అడగండి. పాత రిపోర్టు చూసి ఇచ్చినవాళ్లు చివరి వారంలో తాజా క్లెయిములు అడిగి ధర మార్చేస్తారు.

పాత_బ్రోకర్: సరిపోతే ఉత్తరం పొట్టిగా రాయండి. సవరించిన వరుసల క్లెయిమ్ నంబర్లు, 42.7 లెక్క, అవే షరతులతో 41 కోట్. అడిగేది 41 అని నేరుగా రాయండి. నెల రోజుల ముందే చేరాలి. గడువు వారంలోకొచ్చాక కంపెనీ మారడం మీవల్ల కాదని వాళ్లకూ తెలుసు.

బెజవాడ_రాజు: ఇంకో మాట. ఒక్క పెద్ద యాక్సిడెంట్ క్లెయిమ్ ఉంటే దాన్ని తీసేయమనొచ్చు కదా? మళ్లీ రాదుగా.

లెక్కల_లక్ష్మి: తీసేయొచ్చనే నా అభిప్రాయం, ప్రమాదం ఏటా జరగదు. డయాలసిస్, క్యాన్సర్ అయితే కుదరదు, వచ్చే ఏడూ ఉంటాయి.

పాత_బ్రోకర్: నేనొప్పుకోను. ఆ మనిషికి రాకపోవచ్చు, 180 కుటుంబాల్లో ఎవరికో ఒకరికి వస్తుంది. సగం తగ్గించమంటే వింటారు, మొత్తం తీసేయమంటే వినరు.

కూకట్‌పల్లి_హెచ్ఆర్: మా డంప్‌లో 2.8 లక్షల బైపాస్ ఒకటుంది. అది ఏ లెక్కలోకి వస్తుంది?