కంపెనీ లీజు కారు నడుస్తుండగా ఉద్యోగం మానేస్తే?

ప్రశ్న: విజయవాడ పటమటలో ఉంటూ హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నాను. జీతంలోంచి నెలకి 27,700 కారు లీజు కట్ అవుతోంది. 48 నెలల్లో 22 అయిపోయాయి. వేరే ఉద్యోగం వచ్చింది. కారు ఏమవుతుంది? అసలు ఇది లాభమా?

బ్రాడీపేట: తాళాలు ఇచ్చేసి రండి, అంతే. ఆర్‌సీలో మీ పేరు లేదు, అప్పు మీది కాదు.

పేరోల్ గుణదల: ఆర్‌సీ మాట నిజమే. కానీ కారు తీసుకున్న రోజు మీరు కంపెనీకి రాసిచ్చిన కాగితం ఒకటి ఉంటుంది. మధ్యలో వెళ్తే మిగిలిన బాకీ నాదే అని అందులో ఉంటుంది, ఒకసారి తీసి చదవండి. తాళాలిచ్చినా, కారు అమ్మగా తగ్గినంత చివరి సెటిల్‌మెంట్‌లో పట్టుకుంటారు.

మీ అంకెలతోనే చూద్దాం. కారు 12 లక్షలు, చివర్లో కట్టాల్సిన మిగులు విలువ 2.4 లక్షలు, వడ్డీ 12 శాతం అనుకుంటే, 22 నెలల తర్వాత బాకీ సుమారు 8.15 లక్షలు. ముందస్తుగా మూసినందుకు ఛార్జీ, జీఎస్టీ విడిగా. ఆ కారుకి బయట 7.3 లక్షలే పలికితే, దాదాపు 85 వేలు మీ చేతి నుంచి పడుతుంది.

మంగళగిరి: నేను బ్యాంకు లోన్ మీద కొన్నాను. ఉద్యోగం పోయాక ఆరు నెలలు ఈఎంఐ కట్టలేక అవస్థపడ్డాను కానీ, కారు మాత్రం నాదే.

పేరోల్ గుణదల: మీది లోనండీ, దానికి పన్ను ఆదా లేదు. ఇక్కడ లీజు డబ్బు పన్ను లెక్కకి ముందే జీతంలోంచి తగ్గుతుంది. 2025-26లో 1.6 లీటర్ లోపు ఇంజిన్‌కి, ఖర్చులు కంపెనీయే భరిస్తే, నెలకి 1,800 మాత్రమే ఆదాయంలో కలిపేవారు. ఆ లెక్కన 30 శాతం స్లాబు వాళ్లకి, సెస్సు కూడా కలిపితే, 22 నెలల్లో ఆదా 1.75 లక్షలు దాటుతుంది. కాబట్టి నష్టమని నేననను. కాకపోతే ఆదా నెలనెలా సన్నగా వచ్చి ఖర్చయిపోతుంది, బాకీ మాత్రం జీతం ఆగిన నెలలోనే ఒక్కసారిగా మీద పడుతుంది. నా కళ్ల ముందే ఒకాయన చివరి జీతం, సెలవుల డబ్బు రెండూ దానికే పోయాయి. గ్రాట్యుటీ, పీఎఫ్ మాత్రం దీనికి జమ చేసుకోకూడదు.

బ్రాడీపేట: మరి కంపెనీయే తీసేస్తే? అప్పుడూ ఉద్యోగి మీదేనా? అది అన్యాయం కాదూ?

పేరోల్ గుణదల: నాకూ అన్యాయమే అనిపిస్తుంది. ఒప్పందంలో ఆ మాట ఎలా రాశారో అదే చెల్లుతుంది. రాజీనామా ఇచ్చే ముందే ఈ నెల తేదీతో మూసివేత మొత్తం రాతపూర్వకంగా తెప్పించుకోండి. కొత్త కంపెనీ అదే లీజు సంస్థతో ఒప్పందంలో ఉంటే, లీజు అక్కడికి మార్పించుకోవచ్చు.

అడిగినవారు: కొత్త కంపెనీలో లీజు పద్ధతే లేదన్నారు. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. జవాబు వచ్చేదాకా రాజీనామా పంపను.